నాలుగడుగుల దగ్గర ఆగిపోయిన మట్టిగోడ

నిన్నే సెంట్రింగ్ పలకలు ఊడదీశాం, గోడ నిలబడింది, ఆ పుణ్యాన కూర్చుని రాస్తున్నా. మాది కావలి పక్కన పల్లె. వసారాకి ఒకవైపు దిమ్మిస కొట్టిన మట్టిగోడ పెట్టాలనుకున్నా. 20 అడుగుల పొడుగు, 7 అడుగుల ఎత్తు, అడుగు మందం. పునాది, పలకలు అన్నీ తేలిగ్గానే అయిపోయాయి.

నా తెలివంతా మట్టి లెక్కలో బయటపడింది. 140 ఘనపుటడుగుల గోడ, ట్రాక్టరాయన ట్రిప్పుకి వంద అడుగులు పడద్ది అన్నాడు, రెండు ట్రిప్పులైతే ఇంకా మిగుల్తుందిలే అని ఎర్ర గ్రావెల్ తోలించా. జల్లెడ పట్టి, సిమెంటు కలిపి, నలుగురు కూలోళ్లతో కొట్టించా. మూడో రోజు మధ్యాహ్నానికి మట్టి ఖాళీ, గోడేమో నాలుగడుగులకి ఒక వేలు తక్కువ! "ఏందబ్బయ్యా, పిట్టగోడ అని ముందే చెప్పుంటే ఇంత పలకలెందుకు" అని మేస్త్రి అందరి ముందరా అంటే కూలోళ్లు నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నారు.

సాయంత్రం టేపు పట్టుకుని ట్రక్కు కొలిచా. పదడుగులు, ఐదడుగులు, లోతు 17 అంగుళాలు. డెబ్బై అడుగులే! ట్రిప్పు మాట నమ్మబాకండి, తొట్టి కొలవండి. సరే అది ఆయన పాపం, మిగతాది నా పాపమే. పలకల మధ్య ఆరంగుళాలు వదులు మట్టి పోసి, దిమ్మిస గట్టిగా శబ్దం వచ్చేదాకా కొట్టి చూస్తే మూడుముప్పావు అంగుళాలే మిగిలింది. అంటే 1.6 రెట్లు. 140 గోడకి 224 అడుగుల వదులు మట్టి కావాలి, జల్లెడలో పదోవంతు రాళ్లు పోతాయి కాబట్టి తోలించాల్సింది 250, నాలుగు ట్రిప్పులు. ఈ 1.6 మీ మట్టికి అదే రాదు, తడి మారినా మారుద్ది, మీరే ఒక వరస కొట్టి చూసుకోండి.

సిమెంటు సంగతి ఇంకోటి. మట్టిలో 8 శాతం కలపాలి అంటే సిమెంటు కొట్టాయన ఘనపుటడుగుల లెక్కన 15 బస్తాలు అంటగట్టాడు. శాతం బరువు మీదంట, అదీ ఎండు మట్టి బరువు మీద. ఘనపుటడుగు డబ్బాతో మట్టి కాటా పెడితే 34 కిలోలు, ఎండబెట్టి తూస్తే 31. 50 కిలోల బస్తాకి 625 కిలోల మట్టి, అంటే 20 డబ్బాలు. మొత్తానికి పదకొండుంపావు బస్తాలు చాలు. నేనేమో మొదటి సగంలో పదహారు డబ్బాలకే ఒక బస్తా కుమ్మరించా.

మట్టి మళ్లీ రావడానికి ఐదు రోజులు పట్టింది. ఎండిన పైభాగం గీకి, తడిపి మొదలుపెట్టినా ఆ నాలుగడుగుల దగ్గర గీత అట్నే కనపడతా ఉంది. వచ్చినోళ్లంతా ముందు దాన్నే వేలు పెట్టి చూస్తన్నారు. మా ఆవిడ అక్కడ క్యాలెండర్ తగిలిస్తానంది, గీతేమో 20 అడుగులుంది.