మాస్టారి పేరు మీద స్కాలర్‌షిప్ ట్రస్టు: పేరు దగ్గరే వచ్చింది చిక్కంతా

మా లెక్కల మాస్టారి పేరు మీద పెట్టిన స్కాలర్‌షిప్ ట్రస్టు రిజిస్టర్ అయింది. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆయన దగ్గర చదువుకున్న మూడు బ్యాచ్‌ల వాళ్ళం కలిసి ఆరు లక్షలు పోగు చేశాం. ఏడు శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి నలభై రెండు వేలు వస్తుంది. ఏడుగురు పిల్లలకు తలా ఆరు వేలు ఇవ్వొచ్చు. డబ్బు పోగు చేయడం తేలికగానే అయిపోయింది. కష్టమంతా పేరు దగ్గర వచ్చింది.

మాస్టారి సర్వీసు రికార్డులో పేరు చివర కులం తెలిపే తోక ఉంది. వాళ్ళబ్బాయి, మేమంతా అన్నయ్యా అని పిలుస్తాం, పూర్తి పేరే ఉండాలన్నాడు. నాన్న పేరు సగం కోసి పెడతారా అన్నది ఆయన బాధ. మేము ఎదురు చెప్పలేదు. తండ్రి పేరు మీద కొడుకు మాటకు విలువ ఉంటుంది కదా. ఆ పేరే కాగితం మీద రాసి ఒక దస్తావేజు లేఖరికి ఇచ్చాం.

డ్రాఫ్టు చదువుకుందామని వెళ్ళినప్పుడు మాస్టారి భార్య కూడా మాతో వచ్చారు. ఆ లేఖరి ఆవిడను చూసి, గుమాస్తాలూ, బయట వరుసలో ఉన్నవాళ్ళూ వింటుండగానే, "మీ వాళ్ళ పిల్లలకేగా అమ్మా? మీ సంఘం వాళ్ళకు ఇదివరకు ఒకటి రాశాను, అదే పెట్టేశాను" అన్నాడు. ఆవిడ మొహం పాలిపోయింది. నా పక్కనే కూర్చున్న స్నేహితుడు ఇంకో కులం వాడు, ఆరు లక్షల్లో లక్ష వాడిదే. వాడు తల దించుకున్నాడు. ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు, కోపం ఇప్పటికీ తగ్గలేదు.

డ్రాఫ్టు తీసి చూస్తే, ఆశయాల పేజీలో ఒకే సామాజిక వర్గం విద్యార్థులకు అని ఉంది. పాత దస్తావేజులో పేరు, తేదీ మార్చి, మిగతాది అలాగే దించేశాడు. అదే రిజిస్టర్ అయి ఉంటే మా పని అక్కడితో సరి. మేము నమోదు చేసుకున్నప్పుడు అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, ఒక కులానికో మతానికో మాత్రమే మేలు చేసే ట్రస్టుకు పన్ను మినహాయింపు రాదు, దాతలకు 80జి సెక్షన్ కింద పన్ను తగ్గింపు కూడా దొరకదు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, మహిళలు, పిల్లల కోసం పెట్టినవాటికి మాత్రం 80జి విషయంలో ఆ అడ్డు లేదు. చట్టం చూసేది ఆశయాలనే. పేరులో తోక ఉన్నంత మాత్రాన ఎవరూ కాదనరు. కానీ జనం ముందు చదివేది పేరునే. ఆ లేఖరి పేరు చూసే ఆ పాత దస్తావేజు బయటికి తీశాడు. రేపు అప్లికేషన్ చూసిన పేదింటి పిల్ల కూడా ఇది మాకు కాదులే అనుకుని పక్కన పెట్టేస్తుంది.

బయటికి వచ్చాక అమ్మగారే తేల్చేశారు. "ఆయన హాజరు పిలిచేటప్పుడు ఎవరి తోకా పలికేవారు కాదు. ఆయనకూ వద్దు" అన్నారు. అన్నయ్య ఇంకేమీ అనలేదు. ట్రస్టు పేరులో ఇంటిపేరు, పేరు, చివర 'మాస్టారు' ఉంచాం. పూర్తి పేరు, ఊరు, పనిచేసిన బడి వివరాలు దస్తావేజు మొదట్లో ఎవరి స్మృత్యర్థమో చెప్పే పేరాలో రాశాం. ఆశయాల్లో కుల, మత, లింగ భేదం లేకుండా అని ఒక వాక్యం చేర్చాం. కుటుంబం తరఫున అభ్యంతరం లేదన్న ఉత్తరం అమ్మగారితో, అన్నయ్యతో సంతకం చేయించి దాచాం.

దస్తావేజు లేఖరులకు నేను చెప్పేది ఒక్కటే: డబ్బు తీసుకుని నకలు రాయకండి. ట్రస్టు పెట్టేవాళ్ళు స్టాంపు పేపరు మీద ప్రింటు తీయించకముందే డ్రాఫ్టు ఇంటికి తెచ్చుకుని ఆశయాల పేజీ గట్టిగా చదవండి. ట్రస్టు రద్దయితే డబ్బు ఎవరికి పోతుందన్న క్లాజు కూడా చూడండి. మా డ్రాఫ్టులో అది కూడా ఆ సంఘానికే పోయేలా ఉంది.

ఇంగ్లిషు స్పెల్లింగు కూడా దస్తావేజులోనే ఖాయం చేసుకోండి. మాస్టారి పేరులోని 'త్య'కి సర్వీసు రికార్డులో ty అని, పెన్షన్ కాగితంలో thy అని ఉంది. మేము ty తీసుకున్నాం. పాన్ దరఖాస్తులో, బ్యాంకు ఖాతాలో, ఆదాయపు పన్ను శాఖ దగ్గర ట్రస్టు నమోదు కోసం పెట్టే 10ఎ ఫారంలో అదే వేశాం. తర్వాత ఒక్క అక్షరం మార్చాలన్నా సవరణ దస్తావేజు రాయించి, పాన్ దగ్గర్నుంచి అన్నీ మళ్ళీ మొదలుపెట్టాలి.

పాన్ వచ్చేసింది. 10ఎ కూడా పంపాం. తాత్కాలిక నమోదు వస్తే అది మూడేళ్ళు చెల్లుతుంది. ఆ స్నేహితుడే ఇప్పుడు మా కోశాధికారి.