మూడు కొటేషన్లు, మూడు భాషలు

"9 రూపాయలకే వేస్తానంటున్నాడు కదండీ, ఇంకా ఆలోచనేంటి?" అన్నారు మా సెక్రటరీ గారు. అపార్ట్‌మెంట్ బయటి గోడల పెయింటింగ్‌కి వచ్చిన మూడు కొటేషన్లు టేబుల్ మీదే ఉన్నాయి.

ఒకాయన చదరపు అడుగుకి 14, జీఎస్టీ అదనం అన్నాడు. ఇంకొకాయన పరంజాతో సహా మొత్తం ఏడు లక్షల ఇరవై వేలు. ఆ 9 రూపాయలాయన కాగితం చివర చిన్న అక్షరాల్లో "లేబర్ మాత్రమే" అని ఉంది!

తప్పు వాళ్లది కాదు. మేం అడిగిందే "పెయింటింగ్‌కి రేటు చెప్పండి" అని, అంతే.

సాయంత్రం కూర్చుని మళ్లీ రాశాను. గోడల కొలత మేమే ఇస్తాం, 40,000 చదరపు అడుగులు. ప్రైమర్ ఒక కోటింగ్, పెయింట్ రెండు కోటింగ్‌లు, ఏ గ్రేడో కూడా మేమే చెప్తాం. పగుళ్లు ఎన్నో ఇప్పుడు తెలియదు కాబట్టి వాటికి అడుగు లెక్కన విడిగా రేటు. పరంజాకి ఒక గడి, జీఎస్టీకి ఇంకో గడి. గడి ఖాళీగా వదిలితే ఆ పని రేటులో కలిసున్నట్టే.

ధర వేరే కవర్లో పెట్టమన్నాను. ముందు పాత పనులు చూసి, వారంటీ చదివి 60కి మార్కులేస్తాం, ఆ తర్వాతే ధర కవర్. అందరికన్నా తక్కువకి 40, మిగతావాళ్లకి ఆ నిష్పత్తిలో. అంటే తక్కువ ధర ఆరు లక్షలైతే, ఏడున్నర అన్నవాళ్లకి 32. ఈ లెక్క కూడా కాగితంలోనే రాసేశా, రేపు మావాళ్లకి బావమరిది కాంట్రాక్టర్ గుర్తొచ్చినా మార్చడానికి వీలుండదు.

సెక్రటరీ గారు మాత్రం ఇంకా ఆ 9 దగ్గరే ఉన్నారు.