నూటికి రెండు

ఈరోజు నెలాఖరు. షాపు పని అయ్యాక వచ్చే నెల సోషల్ మీడియాకి ఎంత పెట్టాలో తేల్చుకోవడానికి చెల్లీ నేనూ కూర్చున్నాం. "అమ్మకాల్లో 5 శాతం పెట్టేద్దాం అక్కా, అందరూ అంతే పెడతారట" అంది. ఆ అందరికీ నూటికి ఎంత మిగులుతుందో మనకేం తెలుసు? మనకు మిగిలేది చాలా తక్కువ. అందుకని శాతం సంగతి పక్కన పెట్టి ముందు లెక్కల పుస్తకం తీశాం.

ఒక్క నెల చూస్తే లెక్క తప్పుతుందని మూడు నెలల సగటు తీసుకున్నాం. అమ్మకం 100 అనుకుంటే సరుకు కొన్న ఖర్చు 68. ప్యాకింగ్, డెలివరీ, పేమెంట్ చార్జీలు, వాపసు వచ్చిన వాటి మీద నష్టం అన్నీ కలిపి 12. మిగిలింది 20. అందులోంచి అద్దెకి, జీతాలకి, కరెంటుకి 14 పోతే చివరికి చేతికొచ్చేది 6.

ఇందులోంచి 5 యాడ్స్‌కి పెట్టామనుకుందాం. కొత్త అమ్మకం ఏమీ రాకపోతే 6 కాస్తా 1 అవుతుంది. "ఇంకో 5 అమ్మితే సరిపోతుందిగా" అంది చెల్లి. సరిపోదు. అదనంగా 100 అమ్మినా, అద్దె, జీతాలు పెరగవనుకున్నా, మనకు మిగిలేది 20 మాత్రమే. అంటే పెట్టిన 5 తిరిగి రావాలంటే 25 అదనంగా అమ్మాలి. అప్పటికీ లాభం పెరగదు, ఉన్నచోటే ఉంటాం. ఇప్పుడున్న మనుషులతో నెలలో నాలుగో వంతు ఎక్కువ ఆర్డర్లు పంపడం మా వల్ల కాదు. ఇంకో మనిషిని పెట్టుకుంటే ఆ 14 కూడా పెరుగుతుంది. అదే 2 పెడితే 10 అదనంగా అమ్మితే చాలు. ఆ మాత్రం మోయగలం. అందుకే 2 శాతం అనుకున్నాం.

తర్వాత చెల్లి ఫోన్లో యాడ్స్ పేజీ తెరిచి ROAS 4 చూపించింది. ఒకటి పెడితే నాలుగు అమ్మకం వచ్చిందని దాని అర్థం. చూడ్డానికి బాగానే ఉంది కానీ, నూటికి 20 మిగిలే మాకు ROAS 5 వస్తేనే పెట్టింది తిరిగొస్తుంది. 4 అంటే పెట్టిన ప్రతి 100కి 80 మాత్రమే వెనక్కి వచ్చినట్టు. పైగా ఆ 4 కూడా పూర్తిగా నమ్మలేం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా యాడ్స్‌లో సెట్టింగ్ మార్చకపోతే, యాడ్ నొక్కిన 7 రోజుల్లోపు కొన్నవాళ్లనీ, ఊరికే చూసి ఒక రోజులోపు కొన్నవాళ్లనీ తన ఖాతాలోనే వేసుకుంటుంది. ఎలాగూ కొనబోయే పాత కస్టమర్లు కూడా అందులో ఉంటారు. యాడ్ లేకపోతే ఆ అమ్మకం ఆగేదా అన్నది ఆ అంకె చెప్పదు. అందుకే మొదటిసారి కొన్నవాళ్ల పేర్లు మా పుస్తకంలో విడిగా రాసుకుని, నెల మొత్తం అమ్మకంతో కలిపి చూడాలనుకున్నాం. రద్దీ లేని నెలలో రెండు వారాలు యాడ్స్ ఆపి, మొత్తం అమ్మకం ఎంత తగ్గుతుందో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

కూపన్ సంగతి దగ్గర కాస్త వాదన జరిగింది. యాడ్‌తో పాటు 10 శాతం తగ్గింపు ఇస్తే జనం త్వరగా కొంటారన్నది చెల్లి మాట, అది నిజమే. కానీ 100 సరుకు 90కి అమ్మితే, ఖర్చు 80 పోగా మిగిలేది 10. మిగులు సగానికి పడిపోతుంది. అప్పుడు ఆ 2 రాబట్టడానికి 10 విలువ చేసే సరుకు కాదు, 20 విలువ చేసే సరుకు కదలాలి. కాబట్టి తగ్గింపు ఇచ్చిన నెలలో దాన్ని కూడా ఈ ఖర్చులోనే రాయాలని నేను గట్టిగా పట్టుబట్టాను. ఫోటోలు, వీడియో ఎడిటింగ్‌కి ఇచ్చేదీ అంతే. అవి వేరే పద్దులో దాక్కుంటే, 2 శాతం అని మనం అనుకుంటున్నది నిజానికి 4 అయిపోతుంది.

ఇంత చిన్న మొత్తాన్ని మూడు ప్లాట్‌ఫారాలకు పంచితే ఎక్కడా ఫలితం తెలియదు. మెటాలో ఒక యాడ్ సెట్, అంటే ఒకే రకం జనానికి చూపించే యాడ్స్ గుంపు, ఎవరికి చూపించాలో నేర్చుకుని కుదురుకోవడానికి వారానికి సుమారు 50 ఫలితాలు, అంటే మనం ఎంచుకున్న ఆర్డర్లో మెసేజ్‌లో, కావాలంటారు. మా డబ్బుతో వారానికి 50 ఆర్డర్లు రావు. అందుకని ఒకే చోట, ఒకే క్యాంపెయిన్, అది కూడా ఆర్డర్ల కోసం కాకుండా మెసేజ్‌ల కోసం నడపాలనుకున్నాం. మెసేజ్‌లు ఎక్కువే వస్తాయి. అయితే వాటిలో ఎన్ని ఆర్డర్లయ్యాయో మేమే లెక్కపెట్టుకోవాలి.

అమ్మకం పడిపోయిన నెలలో బడ్జెట్ కూడా పడిపోతుంది కదా, అసలు అప్పుడే కదా యాడ్స్ కావాలి అని చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. మూడు నెలల సగటు మీద 2 శాతం కాబట్టి ఒక్క నెల దెబ్బకి మరీ తగ్గదు. అలాగని అమ్మకం పడిపోయిన కంగారులో 2 దాటి పెట్టకూడదని కూడా రాసుకున్నాం. యాడ్స్ అకౌంట్లో ఖర్చు పరిమితి ఈ రాత్రే పెట్టేశాం. ఫోటోల ఖర్చు తీసేశాక మిగిలిన అంకెనే అందులో వేశాం.