ఇరవై ఏడు పేర్లు

నిన్న మా కాలేజీ చేనేత సెమినార్‌లో వందన సమర్పణ నాది. చేతికి 27 పేర్ల జాబితా ఇచ్చారు. ముందురోజు రాత్రి పైకి చదివితే ఐదు నిమిషాలు దాటింది, ప్రతి వాక్యం చివరా "గారికి ధన్యవాదాలు". కొట్టేసి మళ్లీ రాశాను. ముందు ముఖ్య అతిథి, తర్వాత వక్తలు. ఒక్కొక్కరి ప్రసంగంలోంచి ఒక్క మాట చెప్పాలనుకుని ఆ చోటు ఖాళీగా వదిలి, సభలో వింటూ నింపుకున్నాను. రంగుల గురించి చెప్పిన మేడమ్ గారితో "నీలిమందు కుండ మూత తీసి చూపించినట్టే ఉందండీ" అన్నాను. కమిటీలన్నిటికీ కలిపి ఒకే వాక్యం. చివర్లో, పొద్దున్నుంచీ టీ అందించిన ఆయమ్మకి మాత్రం పేరుపెట్టి చెప్పాను. మొత్తం రెండు నిమిషాలు. జాతీయ గీతానికి లేచేసరికి ఆమె తలుపు దగ్గర కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.