పదహారుకి పదకొండు వస్తే ఏ గ్రేడ్?

రెండో పేరెంట్స్ మీటింగ్ నిన్నటితో అయిపోయింది, హమ్మయ్య. మొదటిదాని మంట మాత్రం ఇంకా చల్లారలేదు.

ఏడో తరగతి సైన్స్ ప్రాజెక్టుకి రూబ్రిక్ రాయడం, మార్కులు వేయడం ఇబ్బంది కాలేదు. ప్రణాళిక, నోట్‌బుక్, మోడల్, నోటితో వివరించడం అని నాలుగు అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 4 దాకా. 3 అంటే ‘అడిగినంతా చేశాడు’ అని కాగితం మీదే అచ్చు వేశాం. గ్రేడ్లు వేసేది ఆఫీసు. వాళ్ల ఎక్సెల్‌లో ఉన్నది ఇదీ:

```
=SUM(B2:E2)/16*100
```

ఒకబ్బాయి గులకరాళ్లు, ఇసుక, బొగ్గు వేసి నీటి ఫిల్టర్ చేశాడు. బాగా చెప్పాడు కూడా. నోట్‌బుక్‌లో మాత్రం ‘నీళ్లు తేటగా వచ్చాయి’ అని ఒక్క ముక్క రాసి వదిలేశాడు, ఎన్ని నీళ్లు పోశాడో, ఎంతసేపు పట్టిందో లేదు. అందుకే అక్కడ 2, మిగతా మూడింటికీ 3. మొత్తం 11, అంటే 69 శాతం, కార్డులో బి2.

మొదటి మీటింగ్‌లో వాళ్ల నాన్నగారు అందరి ముందూ ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి, “మేడమ్, అన్నిట్లో 3 వస్తే 75 శాతం, బి1. అడిగినంతా చేసిన పిల్లాడికి బి1 ఏంటండీ? మరి ఏ2కి ఏం చేయాలి?” అన్నారు. వెనక ఎవరో నవ్వారు. పక్కనే కూర్చున్న కోఆర్డినేటర్ గారు సరిగ్గా అప్పుడే టీ తాగడానికి లేచారు! ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? రూబ్రిక్‌లో 3 అనేది ఒక మెట్టు, నాలుగింట మూడొంతులు కాదు. పైగా అన్నీ 1 వచ్చినా 25 శాతం ఉంటుంది, సున్నా ఎవరికీ రాదు. అలాంటి అంకెల్ని నేరుగా శాతం చేస్తే మధ్యలో ఉన్న పిల్లలందరూ కిందికి జారిపోతారు.

‘కార్డులు అప్‌లోడ్ అయిపోయాయి’ అని ఆఫీసు గొణిగినా పట్టుబట్టి మార్పించాను. ముందు అర్థం తేల్చుకున్నాం: అన్నీ 4 అయితే 100, అన్నీ 3 అయితే 85, అన్నీ 2 అయితే 65, అన్నీ 1 అయితే 45. మధ్యలో వచ్చే మొత్తాలకి సమానంగా పంచాం. 8కి 65, 12కి 85 కాబట్టి ఆ మధ్య పాయింటుకి 5 చొప్పున 11కి 80 వస్తుంది. మా స్కేల్లో 71 నుంచి 80 బి1, 81 నుంచి ఏ2. అంటే ఆ అబ్బాయికి బి1.

నిన్న శాతాల ఊసే ఎత్తలేదు. రూబ్రిక్‌లో 3 దగ్గరున్న ‘కొలిచి పట్టికలో రాశాడు’ అనే వాక్యం పక్కన వాడి నోట్‌బుక్ తెరిచి పెట్టాను. వాళ్ల నాన్నగారు చదివి, “ఇది రాసుంటే ఏ2 అన్నమాట” అని ఆయనే అన్నారు. ఇంత బాగా ఇంకెవరూ చెప్పలేరని నా నమ్మకం, ఏమైనా అనుకోండి. మీరూ రూబ్రిక్‌ని ప్రాజెక్టు ఇచ్చే రోజే ఇంటికి పంపండి, మార్కులొచ్చాక చూపిస్తే సాకులా ఉంటుంది.

ఒక్క చిక్కు మిగిలింది. 4, 4, 2, 1 వచ్చిన అమ్మాయికీ మొత్తం 11 కాబట్టి అదే బి1. వాళ్లమ్మ అడిగితే, నోరు విప్పి వివరించడంలో 1 వచ్చిందని ఆ గ్రేడ్ చూస్తే తెలియదని ఒప్పుకున్నాను. గ్రేడ్ పక్కన నాలుగు అంకెలూ వేయమంటే కార్డులో గడి లేదంటోంది ఆఫీసు. అందరి కార్డుల మీదా పెన్నుతో నేనే రాసిచ్చాను.