అమ్మ కళ్లజోడు

"ఇదే బాగుందే" అంటూ అమ్మ ఆ గుండ్రటి బంగారు రంగు ఫ్రేమ్ తీయనంటోంది. అమలాపురంలో కళ్లజోళ్ల షాపులో గంట నుంచీ ఇదే పని.

అమ్మది గుండ్రటి ముఖం, నిండు చెంపలు. అలాంటి ఫ్రేమే పెడితే ముఖం ఇంకా గుండ్రంగా కనిపిస్తోంది. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉండి మూలలు తేలినది పెట్టి చూస్తే అదే ముఖం కాస్త కోలగా అనిపించింది. నాన్నది పలకల దవడ, ఆయనకైతే ఆ గుండ్రటిదే నప్పేది. వెడల్పు మాత్రం కణతల దగ్గర ముఖంతో సమానంగా ఉండాలి, ఇరుకైతే చెంపలు ఉబ్బినట్టుంటాయి. ఒకసారి నవ్వమన్నాను, ఫ్రేమ్ చెంపలకు తగిలి పైకి లేవలేదు.

రంగు దగ్గర ఆగిపోయాం. షాపు లైట్ల కింద నలుపు బాగానే ఉంది కానీ, గుమ్మం బయట ఎండలోకి తీసుకొస్తే అమ్మ చామనఛాయ ముఖం మీద ఫ్రేమ్ ఒక్కటే కనిపిస్తోంది. ఆవిడ ఒంటి రంగులో కొంచెం పసుపు ఛాయ ఉంటుంది, అందుకేనేమో తేనె రంగు మచ్చలున్న గోధుమ రంగు ఫ్రేమ్ పెట్టగానే ముందు కళ్లే కనిపించాయి.

అదే ఖాయం చేశాం. అద్దాలు బిగించి శనివారం ఇస్తారట.