డాబా మీద గాలిపటాల తోరణం: జారకుండా, తిరగబడకుండా కట్టడానికి పడ్డ పాట్లు

తోరణం ఇప్పుడే కట్టి దిగాను. చేతులకింకా మైదా జిగురు వదల్లేదు, అందుకే మర్చిపోకముందే రాస్తున్నాను. గాలిపటాలు చేయడం ఒక పూట పని. వాటిని దారానికి కట్టి నిలబెట్టడమే అసలు తలనొప్పి. వీడియోల్లో ఈ ముక్క మాత్రం ఎవరూ చూపించరు, నవ్వుతూ కట్టేసి సెల్ఫీ దిగుతారు.

కాగితం సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. 15 సెంటీమీటర్ల చదరాలు చాలు. 20×30 అంగుళాల పతంగుల కాగితం ఒక్క షీటుకి పదిహేను ముక్కలొస్తాయి. డాబా మీదకి క్రేప్ కాగితం వద్దు. పుష్యమాసపు మంచుకి రంగు దిగి, సున్నం గోడ మీద చారలు పడతాయి.

పుల్లలకి కొత్త కొబ్బరి చీపురు ఈనెలే వాడాను. పచ్చి ఈనెలైతే ఎండాక వంపు సడలుతుంది, బాగా ఎండినవే తీసుకోవాలి. నిలువు పుల్ల 18 సెంటీమీటర్లు, విల్లులా వంచే అడ్డపుల్ల 26, 27 సెంటీమీటర్లు. ఈనె ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా ఉంటుందని అందరికీ తెలుసు, కానీ విల్లు కట్టేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. సన్నవైపే ఎక్కువ వంగుతుంది, విల్లు శిఖరం పక్కకి జరుగుతుంది, గాలిపటం ఒక భుజం దించుకుని వేలాడుతుంది. అందుకని అంటించకముందే ఈనెని రెండు చేతులతో వంచి చూడాలి. శిఖరం నట్టనడుమ రాకపోతే లావు వైపుని బ్లేడుతో కొంచెం గీకాలి. నిలువు పుల్లకి మాత్రం ఈ తేడా కలిసొస్తుంది. లావు చివర కిందికి పెడితే బరువు అడుగునుండి పటం నిటారుగా నిలుస్తుంది.

జిగురు: రెండు పెద్ద చెంచాల మైదా, ఒక టీగ్లాసు నీళ్లు, సన్న సెగ మీద ఉండకట్టకుండా కలుపుతూ తెల్లదనం పోయేదాకా ఉడికించాలి. పురుగు పట్టకుండా మైలుతుత్తం వేయమని పాతవాళ్లు చెబుతారు. అది విషం. పండగ మూడు రోజుల కోసం, పిల్లలు చేతులు పెట్టే గిన్నెలో అది వేయనక్కర్లేదు. జిగురు ఎక్కువ పూస్తే కాగితం తడికి సాగి, ఆరాక ముడతలు పడుతుంది. నిలువు పుల్లకి సన్నగా ఒక గీత చాలు. విల్లుకి రెండు చివర్లా, పుల్లలు కలిసే చోటా చిన్న కాగితం పట్టీలు వేస్తే సరిపోతుంది.

ఇక దారం. స్టేషనరీ షాపాయన "డెకరేషన్‌కి ఇదే వాడతారండీ" అంటూ మెరిసే నైలాన్ దారం అంటగట్టాడు. దానికి సూదితో పటాలు వేలాడదీస్తే రెండు చిత్రాలు జరుగుతాయి. మొదటిది, పటాలు సగం వెనక్కి తిరిగి పుల్లలూ, పట్టీలూ జనానికి చూపిస్తాయి. ఒకే చోట కట్టిన ఏ వస్తువైనా గాలికి గిరగిరా తిరగాల్సిందే, పటం మీద కోప్పడి లాభం లేదు. రెండోది, చివర్లలో ఉన్నవి మెల్లగా నడుమకి జారుకుంటాయి. వంగిన దారం వాలు చివర్లలోనే ఎక్కువ కదా, జారుడు అక్కడే మొదలవుతుంది. నైలాన్ నున్నగా ఉంటుంది, ఫెవికాల్ కూడా దాన్ని పట్టుకోదు. నడుమ బరువు చేరేకొద్దీ దారం ఇంకా కుంగి, వాలు ఇంకా పెరిగి, చివరికి పటాలన్నీ బస్టాండులో జనంలా ఒక్కచోట గుంపు కడతాయి. మేడ మీదికి వచ్చిన ప్రతివాళ్లూ "ఇదేంటి, ఇలా కట్టారు?" అనడం, నేను నవ్వలేక నవ్వడం.

రెంటికీ మందు ఒకటే: పూలు కట్టే నూలు దారం, పై మూల మడత. దారాన్ని నాలుగు పేటలు చేసి పురిపెట్టాలి. పటం పై మూలని 2 సెంటీమీటర్లు వెనక్కి మడిస్తే ఆ మడత 4 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. దారం సరిగ్గా ఆ మడత గీతలో కూర్చోవాలి, దాని మీద మడిచి అంటించాలి. అప్పుడు పటాన్ని దారం ఒక చుక్క దగ్గర కాకుండా 4 సెంటీమీటర్ల మేర పట్టుకుంటుంది కాబట్టి గింగిరాలు తిరగదు. నూలు జిగురుని పీల్చుకుంటుంది కాబట్టి జారదు. నిలువు పుల్ల, విల్లు శిఖరం రెండూ ఈ మడతకి కిందే ఆగాలి. అందుకే పుల్ల 18 అన్నాను, మూల నుంచి మూలకి 21 ఉన్నా సరే. దారాన్ని నేల మీద పరిచి అంటించి, పూర్తిగా ఆరాకే ఎత్తాలి. తడి మీద ఎత్తితే నూలు కూడా జారుతుంది.

మా డాబా మీద ట్యాంకు స్టాండు నుంచి పిట్టగోడ రాడ్డు దాకా 12 అడుగులు, అంటే సుమారు 365 సెంటీమీటర్లు. ఒక్కో పటం 21 సెంటీమీటర్ల వెడల్పు, మధ్యలో 10 ఖాళీ వదిలితే పదకొండు పటాలకి 331 అవుతుంది. మిగిలింది రెండు వైపులా తలా 17. ముడులకి అటో మూర, ఇటో మూర దారం అదనంగా ఉంచాలి. ఒక చివర గట్టి ముడి, రెండో చివర జారుముడి వేస్తే బిగువు సరిచేసుకోవచ్చు. ఇంత దూరానికి దారం 3 సెంటీమీటర్లు ఎక్కువైనా చాలు, నడుమ దాదాపు జానెడు కుంగుతుంది. ఆ మాత్రం వంపు అందమే. అది కూడా లేకుండా లాగి బిగిస్తే ముడుల మీద భారం పెరిగి రాత్రికి సడలిపోతాయి.

గాలి ఎక్కువుంటే పటాలు ఎగిరి దారం చుట్టూ మెలికపడతాయి. కింది మూలన అంటించే తోక ముక్కలో ఒక చింతగింజ దాచి పెడితే చాలావరకు ఆగుతుంది. పిట్టగోడ ఎత్తుకి మరీ పైన కట్టకపోవడం ఇంకా మంచిది. కింది మూలలన్నీ కలిపి ఇంకో దారం కట్టమని కొందరు సలహా ఇస్తారు. అలా కడితే తోరణమంతా తెరచాపలా గాలిని పట్టి, తెగితే మొత్తం ఒకేసారి తెగుతుంది.

ఇంకో సంగతి కోపంగానే చెప్తాను. మిగిలిపోయిన మాంజా ఉంది కదా అని తోరణానికి వాడేవాళ్లున్నారు. మనుషులు మెడ ఎత్తున తిరిగే డాబా మీద గాజుపొడి దారం కడతారా? నైలాన్, సింథటిక్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలోనే నిషేధించింది. తోరణం పేరుతో దాన్ని ఇంటికి తెచ్చుకోనక్కర్లేదు.

హాల్లోకి గుత్తిలా వేలాడే పటాలు కావాలంటే పని సులువు. 10 అంగుళాల ఎంబ్రాయిడరీ రింగుకి సమాన దూరంలో మూడు దారాలు కట్టి పైన ఒకే ముడిలో కలపాలి. ఆరు పటాలు ఎదురెదురుగా జతలుగా కట్టాలి. ఎత్తులు ఎలా ఉన్నా ఫర్వాలేదు, జతలో రెండూ ఒకే సైజు ఉంటే రింగు ఒరగదు. ఇక్కడ పటాలు తిరిగితేనే బాగుంటుంది, కాబట్టి రెండు వైపులా కాగితం అంటించి పుల్లలు లోపల దాచేయాలి. ఫ్యానుకి దూరంగా, సీలింగు కొక్కేనికే వేయాలి.

డాబా తోరణాన్ని చీకటి పడగానే దించి లోపల పెట్టండి. మంచుకి మైదా జిగురు మెత్తబడుతుంది. దించేటప్పుడు దారాన్ని చుట్టకూడదు, ఈనెలు విరుగుతాయి. మొదటి పటం మీద రెండోది, దాని మీద మూడోది, పేకముక్కల్లా దొంతర పెట్టి, మధ్య దారాన్ని పక్కకి మడుస్తూ పోతే పొద్దున్న ఆ వరసలోనే విప్పుకోవచ్చు.